వాచిన మణికట్లు, తగ్గిన ప్లేట్‌లెట్లు: డెంగీనా, చికున్‌గున్యానా?

"డాక్టరుగారూ, మాది విశాఖ, కంచరపాలెం. అమ్మకి 54 ఏళ్ళు. నాలుగు రోజుల నుంచి జ్వరం, మొదటిరోజే 103 ఉంది. చేతివేళ్ళు, మణికట్లు, చీలమండలు వాచిపోయాయి, బాత్రూమ్‌కి కూడా నేనే పట్టుకుని నడిపిస్తున్నాను. డెంగీకి చేసే ఎన్‌ఎస్‌1 పరీక్ష నెగటివ్ వచ్చింది, ప్లేట్‌లెట్లు 1,18,000. ఒకరు డెంగీ అన్నారు, ఇంకొకరు చికున్‌గున్యా అన్నారు. నొప్పికి డైక్లోఫెనాక్ వెయ్యొచ్చా? ఈ నొప్పులు ఏడాదిదాకా ఉంటాయని పక్కింటివాళ్ళు చెప్తుంటే టెన్షన్‌గా ఉంది."

డైక్లోఫెనాక్ ఇప్పుడు వద్దండి. ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా వద్దు. ఇప్పటికి పారాసెటమాల్ ఒక్కటే. లివర్ జబ్బేమీ లేకపోతే 650 మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు దాటకుండా వెయ్యండి. మందుల షాపులో "ఒంటినొప్పుల మాత్ర" అని ఇచ్చే వాటిలో చాలావరకు ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ రెండూ కలిపి ఉంటాయి. అది వేస్తే వద్దన్న మందూ లోపలికి వెళ్తుంది, పారాసెటమాల్ కూడా రెండింతలవుతుంది. అట్ట వెనక చిన్నక్షరాలు చదివి మరీ వెయ్యండి.

మీరు రాసినదాన్ని బట్టి చికున్‌గున్యా వైపే నా మొగ్గు. ప్లేట్‌లెట్ల అంకె చూసి కాదు, "వాచిపోయాయి" అన్న మాట చూసి. డెంగీలోనూ ఒళ్ళంతా నొప్పులుంటాయి. ఎముకలు విరిచేసినట్టుంది అంటారు. కానీ ఆ నొప్పి ఎక్కువగా కండల్లో, నడుములో, కనుగుడ్ల వెనక ఉంటుంది. కీళ్ళు లాగుతాయి తప్ప సాధారణంగా వాచవు. చికున్‌గున్యాలో వైరస్ కీలు చుట్టూ ఉండే పొరల్లోకే చేరుతుంది. అందుకే రెండు చేతులకీ, రెండు కాళ్ళకీ ఒకేలాగా, ముఖ్యంగా వేళ్ళ కణుపులు, మణికట్లు, చీలమండల్లాంటి చిన్న కీళ్ళలో వాపు వస్తుంది. ఆ పేరుకి టాంజానియాలోని మకొండె భాషలో "వంగిపోయేలా చేసేది" అని అర్థం. కోడికూరకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. "చికెన్ గున్యా" అని పలికి ఇంట్లో కోడి మానేసినవాళ్ళని 2006లో లెక్కలేనంతమందిని చూశాను.

ఇంట్లోనే ఒకటి చూడండి. అమ్మగారిని పిడికిలి బిగించమనండి. వేళ్ళు అరచేతికి తాకకుండా సగంలోనే ఆగిపోతున్నాయా? పిడికిలి పట్టినప్పుడు కణుపుల మధ్య మామూలుగా కనబడే చిన్న లోయలు పూడుకుపోయి, చెయ్యి వెనకభాగం ఉబ్బినట్టుగా ఉందా? ఆ తర్వాత, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు నాలుగు వేళ్ళ మొదళ్ళనీ పక్కల నుంచి మెల్లగా కలిపి నొక్కండి. చికున్‌గున్యా ఉన్నవాళ్ళు అంత మాత్రానికే చెయ్యి లాగేసుకుంటారు. డెంగీ ఉన్నవాళ్ళు "ఒళ్ళంతా నొప్పే, అక్కడ ప్రత్యేకంగా ఏం లేదు" అంటారు. ఇది లాబ్ పరీక్షకి బదులు కాదు. కానీ మంచం దగ్గర నిలబడి నేను మొదట చూసేది ఇదే.

అలాంటప్పుడు నొప్పి మందు ఎందుకు ఆపమంటున్నానని మీరు అడగొచ్చు. రెండు జ్వరాలనీ మోసేది ఒకటే దోమ, పగలు కుట్టే ఏడిస్. ఒకే వీధిలో రెండూ తిరుగుతుంటాయి. ఒకే మనిషికి రెండూ కలిసి రావడమూ ఉంది. చికున్‌గున్యాని డెంగీ అనుకుంటే నాలుగు రోజులు నొప్పి ఎక్కువ భరించాలి, అంతే. డెంగీని చికున్‌గున్యా అనుకుని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు. ఏ తప్పు ఖరీదైనదో తెలుస్తూనే ఉంది కదా. అందుకే అనుమానం తీరేదాకా ప్రతి కేసునీ డెంగీగానే నడుపుతాం.

ఇక రిపోర్టు. మీరు ప్లేట్‌లెట్లు ఒక్కటే రాశారు, అందరూ అదే రాస్తారు. ఆ కాగితం మీద అంతకంటే ముఖ్యమైన అంకె పీసీవీ, కొన్ని లాబుల్లో హెమటోక్రిట్ అని ఉంటుంది. రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే అంకె అది. డెంగీలో ప్రమాదం ప్లేట్‌లెట్లు తగ్గడంతో కాదు, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోవడంతో వస్తుంది. నీరు పోతే మిగిలిన రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. అమ్మగారి మొదటిరోజు పీసీవీ 35 అనుకుందాం. దానికి 20 శాతం అంటే 7. అది 42కి చేరి, అదే సమయంలో ప్లేట్‌లెట్లు కిందికి జారుతుంటే ఆవిడ ఆసుపత్రిలో సెలైన్ మీద ఉండాలి, ప్లేట్‌లెట్లు ఇంకా 90 వేలున్నా సరే. పీసీవీ 35, 36 దగ్గరే కదలకుండా ఉంటే ప్లేట్‌లెట్లు 1,18,000 ఉన్నాయని కంగారు అక్కర్లేదు. చికున్‌గున్యాలోనూ ప్లేట్‌లెట్లు కాస్త తగ్గుతాయి. కానీ సాధారణంగా లక్ష దగ్గరో ఆపైనో ఆగిపోతాయి, 20 వేలకి, 30 వేలకి పడటం అరుదు. అలా పడితే నేను మళ్ళీ డెంగీ కోసం వెతుకుతాను.

తెల్లకణాలూ కొంత చెప్తాయి. డెంగీలో మొత్తం సంఖ్యే 4,000 కిందికి దిగడం తరచుగా చూస్తాం. చికున్‌గున్యాలో మొత్తం మామూలుగానో కాస్త తక్కువగానో ఉండి, అందులో లింఫోసైట్లు బాగా పడిపోతాయి. మొత్తం 4,800, లింఫోసైట్లు 14 శాతం అని ఉంటే గుణించి చూడండి, 672 వస్తుంది. వెయ్యి లోపల ఉంటే అది చికున్‌గున్యాకి కాస్త బలమిచ్చే సంగతి. దీన్ని బట్టే తేల్చెయ్యకండి, ఒక మొగ్గు మాత్రమే.

ఎన్‌ఎస్‌1 నెగటివ్ అంటే డెంగీ కాదని కాదు. ఆ పరీక్ష మొదటి ఐదు రోజుల్లోనే నమ్మదగ్గది, రోజులు గడిచేకొద్దీ పట్టే శక్తి తగ్గుతుంది. ఇదివరకు ఒకసారి డెంగీ వచ్చినవాళ్ళలో ఇంకా తక్కువగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ పరీక్ష వెతికే వైరస్ ప్రోటీన్‌ని పాత యాంటీబాడీలు కప్పేస్తాయి. మన ఊళ్ళో 54 ఏళ్ళవాళ్ళకి తెలియకుండానే ఒకసారి వచ్చిపోయి ఉండొచ్చు. చికున్‌గున్యాకి ఎన్‌ఎస్‌1 లాగా వైరస్ ప్రోటీన్‌ని పట్టే మామూలు కార్డు పరీక్ష వాడుకలో లేదు. మొదటివారంలో వైరస్‌నే పట్టేది ఆర్‌టీ-పీసీఆర్, అది పెద్ద లాబుల్లోనే చేస్తారు, ఖర్చుకూడాను. అందరూ చేయించేది ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష. యాంటీబాడీ తయారవడానికే ఐదారు రోజులు పడుతుంది కాబట్టి నాలుగో రోజున చికున్‌గున్యా ఐజీఎం చేయించి నెగటివ్ వచ్చిందంటే అందులో తెలిసేదేమీ లేదు. డబ్బు దండగ. ఏడో ఎనిమిదో రోజున డెంగీ ఐజీఎం, చికున్‌గున్యా ఐజీఎం రెండూ ఒకే రక్తంతో చేయించండి. కార్డు కాకుండా ఎలైజా పద్ధతిలో అడగండి. ప్రభుత్వ నిఘా లాబుల్లో పుణే వైరాలజీ సంస్థ కిట్లతో చేసేది ఎలైజానే. పాజిటివ్ వచ్చాక ఆ కాగితం పారెయ్యకండి, ఎందుకో కింద చెప్తాను.

మలేరియా కార్డు ఒకటి తప్పకుండా చేయించండి. ఈమధ్య పాడేరు, అరకు వైపు వెళ్ళొచ్చి ఉంటే మరీను.

రాబోయే మూడు రోజుల్లో మీరు కనిపెట్టుకుని ఉండాల్సిన సంగతి ఇది. డెంగీలో ప్రమాదం జ్వరం కాస్తున్నప్పుడు కాదు, జ్వరం దిగేటప్పుడు వస్తుంది, దాదాపు నాలుగో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో. ఇంట్లోవాళ్ళు "హమ్మయ్య, ఒళ్ళు చల్లబడింది" అనుకునే పూట అది. ఆ ఒకటిన్నర, రెండు రోజుల్లో కడుపునొప్పి ఆగకుండా ఉన్నా, వాంతులు పదేపదే అవుతున్నా, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం వచ్చినా, మలం నల్లగా వచ్చినా, మగతగా పడి ఉన్నా, ఆరుగంటలపాటు మూత్రం రాకపోయినా వెంటనే ఆసుపత్రికి. కేజీహెచ్ అయినా సరే, మీకు దగ్గర్లో ఉన్నదైనా సరే, వేళ చూసుకోకండి. అప్పటిదాకా రోజూ ఒక్క సీబీసీ చాలు. ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఏది తాగితే అది, మూత్రం లేతరంగులో వచ్చేలా పట్టించండి. బొప్పాయి ఆకు రసం తాగించి వాంతులు తెప్పించొద్దు. ఇంకొకటి, ఈ వారమంతా అమ్మగారిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. ఇప్పుడు ఆవిణ్ణి కుట్టిన దోమ కొన్నాళ్ళకి మిమ్మల్నే కుడుతుంది.

అసలు మీరు భయపడుతున్నది నెలల తరబడి ఉండే నొప్పుల గురించి. దీనికి ఒక పేషెంటు కథ చెప్తాను, మీకు దారి తెలుస్తుంది.

గాజువాక నుంచి ఒకావిడ వచ్చారు, 51 ఏళ్ళు, షుగర్ ఉంది, ఇంట్లో బ్లౌజులు కుడతారు. మూడో రోజున ఇంటి దగ్గర క్లినిక్కులో ఒక డైక్లోఫెనాక్, ఒక డెక్సామెథాసోన్ కలిపి ఇంజెక్షన్ చేశారు. మర్నాటికి లేచి వంట చేశారట. "బాబూ, ఏటో మేజిక్కులా అయిపోనాది" అన్నారు నాతో. ఒకటిన్నర రోజుకి నొప్పి మళ్ళీ వచ్చింది, ముందుకంటే ఎక్కువగా. షుగర్ 380. డెంగీ కాదు కాబట్టి బతికిపోయారు. ఎనిమిదో రోజున చికున్‌గున్యా ఐజీఎం పాజిటివ్, డెంగీ ఐజీఎం నెగటివ్. మొదటివారంలో స్టెరాయిడ్‌కి నేను పూర్తిగా వ్యతిరేకిని. నొప్పిని ఒక్క పూట మాయం చేస్తుంది, ఆపగానే ఎగదన్నుతుంది, డెంగీ ప్రమాద లక్షణాలని కూడా కప్పేస్తుంది.

మూడు వారాల లోపల తగ్గిపోయే నొప్పులు చాలామందివి. మూడు వారాలు దాటి మూడు నెలల లోపు ఉన్నది ఒక దశ, మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక దశ. మందు మారేది ఈ గడువుల్ని బట్టే. వయసు 45 దాటినవాళ్ళకి, ఆడవాళ్ళకి, ముందే మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకి, మొదటివారంలో నొప్పి మరీ తీవ్రంగా ఉన్నవాళ్ళకి ఎక్కువకాలం నిలుస్తుంది. పక్కింటివాళ్ళు చెప్పిన ఏడాది కొందరి విషయంలో నిజమే.

ఐదో వారంలో ఆవిడ నా దగ్గరికొచ్చేసరికి పొద్దున్న లేచాక గంటన్నరదాకా వేళ్ళు తెరుచుకోవడం లేదు. కత్తెర పట్టుకోలేకపోతున్నారు. కుట్టుమిషన్ మీద చెయ్యి ఆనించి సూదిలో దారం ఎక్కించే పని కోడలికి అప్పజెప్పారు. ముక్కు కొస మీద నల్లటి మచ్చలు వచ్చాయి. చికున్‌గున్యా తర్వాత మన చర్మాల మీద ఇవి తరచుగా కనబడతాయి, నెమ్మదిగా వాటంతటవే పోతాయి. డెంగీ ప్రసక్తి లేదు కాబట్టి అప్పుడు నొప్పి మందు మొదలుపెట్టాను. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 ఉందని చూసుకుని నాప్రోక్సెన్ 500, రోజుకి రెండుసార్లు, అన్నం తిన్నాకే, కడుపుకి పాంటాప్రజోల్‌తో, రెండు వారాలు. బట్టలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు. గట్టిగా మర్దనా చెయ్యొద్దన్నాను, కాని వేళ్ళు కదపకుండా ఉండొద్దనీ చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళలో చేతులుంచి రోజుకి నాలుగుసార్లు పిడికిలి తెరవడం, మూయడం, నొప్పి పుట్టే హద్దుదాకా మాత్రమే. రబ్బరు బంతి పిసకడం వాపు తగ్గేదాకా వద్దు. యూట్యూబు చూసి పిసికి మణికట్టు ఇంకా వాపించుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ.

సగం తగ్గింది. ఏడో వారానికి మణికట్టు వెనక నరం అని ఆవిడ చూపించిన చోట ఒక సాగిన ఉబ్బు కనబడింది. అది నరం కాదు, వేళ్ళని లేపే స్నాయువుల తొడుగు వాపు. అప్పుడు ప్రెడ్నిసొలోన్ 10 మిల్లీగ్రాములు ఐదు రోజులు, ఆపైన పదిరోజుల్లో తగ్గిస్తూ ఆపేశాం. షుగర్ రోజూ చూసుకోమన్నాను, మాత్రలు కొంచెం పెంచాల్సి వచ్చింది. స్టెరాయిడ్‌కి ఇదీ సరైన వేళ. డెంగీ గండం దాటాక, వాపు కళ్ళకి కనబడుతున్నప్పుడు, చిన్న మోతాదులో, ఆపే తేదీ ముందే రాసుకుని. ఆ తేదీ లేకపోతే అదే మాత్ర షాపులో కొనుక్కుని ఆర్నెల్లు వేసుకున్నవాళ్ళని కూడా చూశాను. మొహం గుండ్రంగా ఉబ్బి, బీపీ పెరిగి వస్తారు.

మూడు నెలలు దాటింది, వాపు మళ్ళీ తిరిగొచ్చింది. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్రలేచి చెయ్యి విదుల్చుకుంటున్నారు. మణికట్టులో వాపు నరాన్ని నొక్కితే అలా ఉంటుంది. దానికి రాత్రి స్ప్లింట్ కట్టించాం. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఎవరో ఒకరు రుమటాయిడ్ ఫ్యాక్టర్ చేయిస్తారు, అది కాస్త పాజిటివ్ వస్తుంది, "రుమటాయిడ్ ఆర్థరైటిస్, జీవితాంతం మందులు" అనేస్తారు. ఆవిడకీ కాస్త పాజిటివే. కానీ అసలు రుమటాయిడ్‌ని ఇంకా కచ్చితంగా పట్టే యాంటీ-సీసీపీ పరీక్ష నెగటివ్, ఎక్స్‌రేలో ఎముక కొరుకుడు లేదు, చేతిలో ఎనిమిదో రోజు ఐజీఎం కాగితం ఉంది. అందుకే దాచుకోమన్నాను. యాంటీ-సీసీపీ బలంగా పాజిటివ్ వస్తే కథ వేరు. అప్పుడు చికున్‌గున్యా పేరుతో అసలు రుమటాయిడ్‌ని నిర్లక్ష్యం చెయ్యకూడదు.

రుమటాలజిస్టు దగ్గరికి పంపాను. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్ 46. లివర్ పరీక్షలు, హెపటైటిస్ బీ, సీ, ఛాతీ ఎక్స్‌రే చూశాక మెథోట్రెక్సేట్ వారానికి 10 మిల్లీగ్రాములు, తర్వాత 15కి పెంచారు. వేరే రోజున ఫోలిక్ యాసిడ్ 5. ఈ మందు వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడి, తెల్లకణాలు పడిపోయి ప్రాణం పోతుంది, అలా పోయినవాళ్ళున్నారు. ఆవిడ చదువుకోలేదు. అందుకని ఆదివారం అని చెప్పి, క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం మీద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టించాను. మాత్ర వేసుకున్నాక చుక్క మీద గీత కొట్టాలి. మొదట్లో రెండు వారాలకి, తర్వాత నెలకోసారి సీబీసీ, లివర్, క్రియాటినిన్. మద్యం అలవాటున్నవాళ్ళకీ, గర్భం దాల్చే అవకాశమున్నవాళ్ళకీ ఈ మందు ఇవ్వం.

హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి మీకు ఎవరైనా చెప్తారు. దానికి దగ్గరి చుట్టం లాంటి క్లోరోక్విన్‌ని తొలి వారాల్లో ఇచ్చి పుణే డాక్టర్లు చేసిన పరీక్షలో మామూలు నొప్పి మాత్రకంటే ఎక్కువ మేలేమీ కనబడలేదు. కాబట్టి వాపులున్న దీర్ఘకాలిక దశలో అదొక్కటే ఇచ్చి నెలలు గడపడం నాకు ఇష్టం ఉండదు.

ఇంకో సంగతి. మూడు నెలల తర్వాత ఉండే ప్రతి నొప్పికీ మెథోట్రెక్సేట్ కాదు. వాపు లేకుండా, పొద్దుటి బిగుతు పది నిమిషాల్లో వదిలిపోతూ, మెట్లెక్కితే మోకాలే నొప్పిస్తుంటే అది పాత అరుగుదల రేగడం. దానికి తొడ కండ బలపడే వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైనప్పుడు పారాసెటమాల్. తేడా తెలియాలంటే ఒక డైరీలో రెండే రాయండి: పొద్దున్న వేళ్ళు తెరుచుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఏ కీలు వాచింది. ఆ రెండు వరుసలు చూస్తే నాకు సగం సంగతి అర్థమవుతుంది.

మన ఊరికి ఇదేమీ కొత్త జ్వరం కాదు. 1963లో కలకత్తాలో మొదలై మరుసటి ఏడాదే మద్రాసుతో పాటు విశాఖకీ వచ్చింది, మళ్ళీ ముప్పై ఏళ్ళకి పైగా కనబడకుండా పోయి 2005 చివర్లో రాయలసీమ నుంచి రాష్ట్రమంతా పాకింది. అప్పటి వాళ్ళలో చాలామంది కీళ్ళు మెల్లగా బాగుపడ్డాయి. గాజువాక ఆవిడకి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన ఎనిమిది వారాలకి పిడికిలి పూర్తిగా బిగిసింది. తొమ్మిది నెలల తర్వాత మెథోట్రెక్సేట్ రెండున్నర చొప్పున తగ్గిస్తూ ఆపేశాం. ఇప్పుడు బ్లౌజులు కుడుతున్నారు. హుక్కులు కుట్టడం మాత్రం ఇంకా కోడలే చేస్తోంది, చలికాలంలో వేళ్ళు కాస్త మొరాయిస్తాయట.